బుగ్గలో మందు, గోడ మీద గడియారం

కొన్నేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం, మాకు బాగా తెలిసిన వాళ్ళింట్లో జరిగిన సంగతి ఇది. వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను, పేర్లు మాత్రం వద్దన్నారు. ఇంట్లో అమ్మ, నాన్న, తొమ్మిదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, కాకినాడ నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన అమ్మమ్మ. పాపకి అంతకు ముందు ఏడాది నుంచి ఫిట్స్ ఉన్నాయి. రోజూ మందు వాడుతోంది. అది కాక, ఫిట్స్ ఆగకుండా సాగితే బుగ్గలో వెయ్యడానికని ఆసుపత్రివాళ్ళు ఒక పెట్టె ఇచ్చారు. ఆ పెట్టె అప్పటిదాకా తెరిచే అవసరం రాలేదు.

ఆ సాయంత్రం పాప సోఫా మీద కూర్చుని టీవీ చూస్తూ చూస్తూ బిగుసుకుపోయింది. కళ్ళు పైకి తేలిపోయాయి, పళ్ళు బిగిశాయి, ఒక్క క్షణానికి కాళ్ళూ చేతులూ ఒకే తాళంలో కొట్టుకోవడం మొదలైంది. అమ్మ మొదట చేసిన పని పాప పేరు పెట్టి పిలవడం కాదు, వంటింట్లో ఓవెన్ మీద ఉన్న గడియారం చూడడం. ఏడూ పన్నెండు. ఆ అంకె పైకి చదివింది, ఇంట్లో అందరికీ వినపడేలా.

నేను ఈ దేశంలో పిల్లల వార్డులో నర్సుగా చాలా ఏళ్ళు పనిచేశాను. ఈ మందు వెయ్యడం తల్లిదండ్రులకు నేర్పడం నా పనిలో ఒక భాగం. ఎంతమందికి నేర్పానో లెక్క లేదు కానీ, నేర్చుకున్న వాళ్ళలో గడియారం ముందు చూసేవాళ్ళు తక్కువ. అందుకే ఈ అమ్మ సంగతి ముందు చెప్పాను. ఫిట్స్ చూస్తున్న వాళ్ళకి రెండు నిమిషాలు పది నిమిషాల్లా ఉంటాయి. గడియారం చూడకపోతే కొందరు కంగారులో రెండో నిమిషానికే మందు వేసేస్తారు, కొందరు "ఇప్పుడే కదా మొదలైంది" అనుకుంటూ పదో నిమిషం దాకా నిలబడిపోతారు.

అసలు అయిదు నిమిషాలే ఎందుకు? పిల్లలకి వచ్చే ఫిట్స్ లో ఎక్కువ భాగం రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఆగిపోయేదానికి మందు అక్కర్లేదు. వేస్తే లాభం లేకపోగా పిల్లని అనవసరంగా మత్తులో పడేసినట్టు. కానీ అయిదు నిమిషాలు దాటిన ఫిట్స్ వేరే రకం. మెదడులో దాన్ని ఆపే ఏర్పాటు అప్పటికే ఓడిపోయిందని అర్థం. దానంతట అది ఆగే అవకాశం నిమిషం నిమిషానికీ తగ్గుతుంది, మందు పనిచెయ్యడం కూడా అంతకంతకూ కష్టమవుతుంది. అరగంట దాటితే మెదడుకే దెబ్బ తగిలే భయం మొదలవుతుంది. అందుకని అయిదో నిమిషం దగ్గర గీత గీశారు. మీ పిల్లల డాక్టరు రాసిచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే, లేదా "చిన్న చిన్న ఫిట్స్ వరసగా ఇన్ని వస్తే వెయ్యండి" అని ఉంటే, ఆ కాగితమే మీకు ప్రమాణం. నేను రాసేది కాదు.

సరే, ఆ ఇంటికి వద్దాం. ఏడూ పదమూడు. అమ్మ పాపని సోఫా మీంచి మెల్లిగా కింద కార్పెట్ మీదకి దించి, పక్కకి తిప్పి, తల కింద మడతపెట్టిన స్వెట్టర్ ఒకటి పెట్టింది. మెడ దగ్గర గుండీ విప్పింది. కాఫీ టేబుల్ ని కాలితో దూరంగా తోసింది. చేతులూ కాళ్ళూ పట్టి ఆపలేదు. నాన్న మందు కోసం మేడ మీదకి పరుగెత్తాడు.

ఇంతలో అమ్మమ్మ వంటింట్లోంచి తాళాల గుత్తి పట్టుకుని వచ్చింది, ఇంకో చేత్తో గ్లాసుడు నీళ్ళు. "అమ్మాయ్, ముందు చేతిలో ఇనుము పెట్టు! నోట్లో ఓ చుక్క నీళ్ళు పొయ్యి, ప్రాణం తేరుకుంటుంది."

మన ఇళ్ళల్లో ఇది వినని వాళ్ళు ఉండరు. ఇనుము, ఉల్లిపాయ, చెప్పు వాసన, నాలుక కరుచుకోకుండా పళ్ళ మధ్య చెంచా. తాళాలు చేతిలో పెడితే హాని లేదు కానీ ఉపయోగమూ లేదు. పెట్టిన కాసేపటికి ఫిట్స్ ఆగడం తాళాల మహిమ కాదు, ఎక్కువ ఫిట్స్ ఎలాగూ ఆ వేళకే ఆగుతాయి. నీళ్ళూ చెంచా మాత్రం నిజంగా ప్రమాదం. మింగే శక్తి లేని పిల్ల నోట్లో పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చెంచా పన్ను విరగ్గొడుతుంది, విరిగిన ముక్క గొంతులోకి పోతుంది. నాలుక ఎవరూ మింగరు. కొరుక్కుంటే కొరుక్కుంటారు, అది మానిపోతుంది.

"అమ్మా, నోట్లో ఏమీ పెట్టకూడదు. నువ్వు గడియారం చూస్తూ ఉండు, నిమిషం మారినప్పుడల్లా నాకు చెప్పు," అంది అమ్మ. ఆ పెద్దావిడ నీళ్ళ గ్లాసు అక్కడే పెట్టేసి ఓవెన్ ముందు నిలబడిపోయింది.

రెండు పెట్టెలు

నాన్న కిందకి రావడానికి రెండు నిమిషాలు పట్టింది. మందు స్నానాల గది అలమారలో, తువ్వాళ్ళ వెనకాల ఉంది. అక్కడ పెట్టెలు రెండున్నాయి. ఒకదానిలో సిరంజిల మీద నీలం రంగు లేబుల్, ఇంకోదానిలో ఊదా రంగు. మెట్ల మీదే నిలబడి ఏది తేవాలో ఆలోచించాడట.

ఈ మందు పేరు మిడజోలామ్. ఇంగ్లండులో పిల్లలకి ఎక్కువగా ఇచ్చేది బుక్కోలామ్ అనే పేరుతో వస్తుంది. కొలత ముందే నింపిన చిన్న సిరంజి, సూది ఉండదు. వయసుని బట్టి నాలుగు రంగులు. ఏడాది లోపు పిల్లలకి పసుపు, 2.5 మిల్లీగ్రాములు. ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు నీలం, 5 మిల్లీగ్రాములు. అయిదు నుంచి పదేళ్ళ లోపు ఊదా, 7.5. పది నుంచి పద్ధెనిమిదేళ్ళ లోపు నారింజ, 10. పాపకి మొదటిసారి ఈ మందు రాసినప్పుడు ఇంకా అయిదేళ్ళు నిండలేదు, అందుకని నీలం పెట్టె ఇచ్చారు. పుట్టినరోజు దాటాక ఊదా పెట్టె వచ్చింది. పాత పెట్టె తిరిగి మందుల షాపులో ఇచ్చెయ్యాలని ఎవరికీ గుర్తు రాలేదు.

పిల్లకి అయిదో పుట్టినరోజో పదో పుట్టినరోజో వస్తోందంటే, కేకు ఆర్డరిచ్చే వారమే ఆసుపత్రికి ఫోన్ చేసి మోతాదు మారాలేమో అడగండి. వయసు నిండింది కదా అని మీరే మార్చవద్దు, కొందరు పిల్లలకి బరువుని బట్టి, ఇతర జబ్బుల్ని బట్టి డాక్టరు వేరే మోతాదు రాస్తారు. కొత్తది ఇంటికొచ్చిన రోజే పాతది ఇల్లు దాటించండి.

ఇంకొక సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చదువుకున్న వాళ్ళే దీంట్లో పొరబడతారు. బుక్కోలామ్ లో ఒక మిల్లీలీటరుకి 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అంటే పాప మోతాదు 7.5 మిల్లీగ్రాములు 1.5 మిల్లీలీటర్లలో వస్తుంది. ఇదే మందు ఇంకో కంపెనీది, ఎపిస్టేటస్ అనేది, రెట్టింపు చిక్కన. మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు. దాంట్లో అదే 7.5 మిల్లీగ్రాములకి 0.75 మిల్లీలీటరు చాలు. "పోయినసారి ఒకటిన్నర వేశాం కదా" అని లెక్క మిల్లీలీటర్లలో గుర్తుపెట్టుకున్న వాళ్ళు మందు మారినప్పుడు రెట్టింపు వేసేస్తారు. మోతాదు ఎప్పుడూ మిల్లీగ్రాముల్లో గుర్తుంచుకోండి, బళ్ళో టీచరుకైనా, అంబులెన్సు వాళ్ళకైనా మిల్లీగ్రాముల్లోనే చెప్పండి.

నాన్న ఊదా పెట్టె తీసుకుని దిగాడు. అమ్మమ్మ ఓవెన్ దగ్గర్నుంచి "పదహారు" అని అరిచింది. అంటే నాలుగు నిమిషాలు. ప్లాస్టిక్ గొట్టం సీలు విప్పి, సిరంజి బయటికి తీసి, ఎర్ర మూత లాగి సిద్ధంగా పెట్టుకోవడానికి ఆ మిగిలిన నిమిషం సరిపోయింది. మూత తీసాక సిరంజి కొన వైపు ఒక్కసారి చూడాలి. కొన్ని సిరంజిల్లో ఎర్ర మూత వచ్చేసినా లోపలి చిన్న పారదర్శకపు మూత కొనకే అంటుకుపోయి ఉండిపోయిందని 2017లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అలాగే నొక్కితే ఆ ముక్క పిల్ల నోట్లో పడుతుంది. చూడడానికి ఒక్క సెకను చాలు.

"నోట్లో వద్దంటూనే పోస్తారేమిటి?"

ఏడూ పదిహేడు. నాన్న సిరంజి పట్టుకుని పాప ముఖం దగ్గర మోకాళ్ళ మీద కూర్చోగానే అమ్మమ్మ అంది: "అల్లుడుగారూ, చుక్క నీళ్ళు పొయ్యొద్దన్నారు, ఇప్పుడు మీరే మందు పోస్తున్నారేమిటి!"

చాలా తెలివైన ప్రశ్న. నేను పాఠం చెప్పేటప్పుడు ఎవరైనా ఇది అడిగితే సంతోషిస్తాను. జవాబు ఏమిటంటే, నోట్లో చోట్లు రెండున్నాయి. పళ్ళకి లోపల, నాలుక వైపు ఒకటి, గొంతులోకి దారి అదే. పళ్ళకి బయట, చిగురుకీ బుగ్గకీ మధ్య ఒక సందు ఉంది, రెండోది అది. మన తాతలు పొగాకు పెట్టుకునేవారే, ఆ సందు. పళ్ళు ఎంత గట్టిగా బిగిసినా అది తెరిచే ఉంటుంది. అక్కడి చర్మం పలచన, కిందనే రక్తనాళాలు. మందు అక్కడ్నించి నేరుగా రక్తంలోకి ఇంకుతుంది. కడుపుకీ కాలేయానికీ పోకుండా సూటిగా మెదడుకి చేరుతుంది. మింగితే ఆ లాభం పోతుంది, నెమ్మదిగానూ తక్కువగానూ పనిచేస్తుంది. పైగా మొత్తం మోతాదు ఒకటిన్నర మిల్లీలీటర్లు, పావు చెంచా కంటే కొంచెం ఎక్కువ. గ్లాసుడు నీళ్ళతో దీనికి పోలిక లేదు.

అయితే ఆ కాస్తా గొంతు వైపు జారకుండా చూసుకోవాలి. పాప పూర్తిగా వెల్లకిలా ఉంటే జారుతుంది. అందుకని తల కొంచెం ఎత్తుగా, ముఖం పక్కకి తిరిగి ఉండాలి. నోటి నిండా చొంగ ఉంటే ముందు గుడ్డతో తుడవాలి, లేకపోతే మందు దానితో పాటే బయటికి వచ్చేస్తుంది. ఎడమచేతి బొటనవేలు, చూపుడు వేలుతో బుగ్గని కాస్త పట్టి వెనక్కి లాగితే సందు కనిపిస్తుంది. సిరంజి కొనని కింది చిగురు పక్కన, వెనక భాగం దాకా జార్చి, ప్లంజర్ ని నెమ్మదిగా నొక్కాలి. నెమ్మదిగా అంటే మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టేటంత. పాపకి నేర్పిన నర్సు, సగం ఒక బుగ్గలో, సగం రెండో బుగ్గలో వెయ్యమంది. పిల్ల చిన్నదై మందు ఎక్కువైనప్పుడు అలా పంచడం మంచిది.

నాన్న చెయ్యి వణికింది. మొదటి సగం ఒక్కసారిగా వెళ్ళిపోయి, అందులో కొంత పెదవి మూల నుంచి కారి స్వెట్టర్ మీద పడింది. రెండో సగం అమ్మ పక్కన "ఒకటి... రెండు..." అని లెక్కపెడుతుండగా నెమ్మదిగా వేశాడు. అదంతా లోపలే నిలిచింది.

ఆ వెంటనే ఆయన చెయ్యి పెట్టెలోని రెండో సిరంజి వైపు వెళ్ళింది. ఒక్కో పెట్టెలో నాలుగు ఉంటాయి. "సగం కారిపోయింది కదా, ఇంకొంచెం..." అన్నాడు. అమ్మ "వద్దు" అంది.

ఈ కథలో ప్రాణాపాయం అంటూ ఉన్నది ఆ క్షణంలోనే. మిడజోలామ్ ఫిట్స్ ని ఎలా అణుస్తుందో, ఎక్కువైతే ఊపిరిని కూడా అలాగే అణుస్తుంది. ఎంత కారిందో, ఎంత ఇంకిందో మనకి తెలియదు. కంటికి సగం అనిపించేది చాలాసార్లు చొంగతో కలిసిన నాలుగు చుక్కలు. దాని మీద ఇంకో మోతాదు పడితే, ఆక్సిజన్ గానీ ఊపిరి అందించే సామాను గానీ లేని ఇంట్లో పిల్ల శ్వాస మందగిస్తే చేసేదేముంది? డాక్టరు కాగితం మీద ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప ఇంట్లో ఒక్కటే మోతాదు. కారిపోతే మళ్ళీ వెయ్యకూడదు, అంబులెన్సుని పిలవాలి.

ఫోన్ ఎప్పుడు చెయ్యాలి

వాళ్ళింట్లో ఫోన్ అప్పటికే కలిసింది. మందు వేస్తుండగానే అమ్మ 999కి చేసి, స్పీకర్ పెట్టి, ఫోన్ కార్పెట్ మీద ఉంచింది. పాపకి ఈ మందు జీవితంలో ఇదే మొదటిసారి. మొదటిసారి ఏ పిల్లకి ఎలా పనిచేస్తుందో తెలియదు కనుక, వేసేటప్పుడే పిలవమని వాళ్ళ కాగితంలో ఉంది. అమ్మ చెప్పిన మాటలు నాకు బాగా నచ్చాయి: "ఆరేళ్ళ పాప. ఫిట్స్ ఏడూ పన్నెండుకి మొదలైంది. ఇంకా ఆగలేదు. ఏడూ పదిహేడుకి బుగ్గలో మిడజోలామ్ ఏడున్నర మిల్లీగ్రాములు వేశాం. కొంత కారిపోయింది." అవతలి మనిషికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. చిరునామా తర్వాత అడిగారు.

మందు ముందు వాడిన పిల్లలకి ప్రతిసారీ ఫోన్ చెయ్యక్కర్లేదని కొందరు డాక్టర్లు చెబుతారు. అప్పుడు వేసిన తర్వాత ఎంతసేపు చూడాలన్నది కాగితంలో రాస్తారు. కొన్ని ఆసుపత్రులు అయిదు నిమిషాలంటాయి, మందు పెట్టెలోని కాగితం పది అంటుంది. మీది ఏది రాస్తే అది. కానీ కొన్ని సందర్భాల్లో కాగితం వెతకనవసరం లేదు, వెంటనే ఫోన్ చెయ్యాలి. పిల్లకి ఫిట్స్ రావడమే మొదటిసారైతే, ఫిట్స్ నీళ్ళలో వస్తే, పడి తలకి గట్టి దెబ్బ తగిలితే, ఒకటి ఆగి తెలివి రాకుండానే ఇంకొకటి మొదలైతే, మందు కారిపోతేనో వాంతయితేనో, ఫిట్స్ ఆగాక కూడా ఊపిరి సరిగ్గా లేకపోతే. చేతిలో మందు లేకుండా అయిదు నిమిషాలు దాటినా అంతే.

ఏడూ ఇరవై ఒకటికి పాప కుదుపుల మధ్య ఎడం పెరగడం మొదలైంది. అది మంచి గుర్తు. ఫిట్స్ ఆగేటప్పుడు ఒక్కసారిగా ఆగదు, కుదుపులు దూరం దూరంగా జరిగి, చివరికి ఒకటి రెండు పెద్ద కుదుపులతో ఆగి, ఒళ్ళంతా వదులైపోతుంది. తర్వాత ఒక లోతైన ఊపిరి వస్తుంది. పెదవుల నీలం పోయి రంగు తిరుగుతుంది. ఏడూ ఇరవై రెండుకి పాప అలా వదులైంది. మందు వేసి అయిదు నిమిషాలు.

చాలామంది ఇక్కడ ఊపిరి పీల్చుకుని లేచి వెళ్ళి నీళ్ళు తాగుతారు. నిజానికి పిల్లని వదలకుండా చూడాల్సిన సమయం ఇప్పుడే మొదలవుతుంది. పాపని పూర్తిగా పక్కకి తిప్పి, పై మోకాలు ముందుకి మడిచి, గడ్డం కాస్త ఎత్తి ఉంచింది అమ్మ. గురక వచ్చింది, గడ్డం ఇంకొంచెం ఎత్తితే తగ్గింది. తను అరచెయ్యి పాప పొట్ట మీద పెట్టుకుని కూర్చుంది. ప్రతి ఊపిరికీ చెయ్యి లేవాలి. ఊపిరికీ ఊపిరికీ మధ్య భయపడేంత ఎడం వచ్చినా, పైపైన పీలుస్తున్నట్టున్నా, పెదవులు మళ్ళీ నీలంగా మారుతున్నా ఫోన్ లో ఉన్న మనిషికి అప్పుడే చెప్పాలి, వాళ్ళు ఏం చెయ్యాలో చెబుతారు.

అంబులెన్సు ఏడున్నర దాటాక వచ్చింది. ఖాళీ సిరంజి పారెయ్యకుండా వాళ్ళ చేతిలో పెట్టారు. లేబుల్ మీద మోతాదు ఉంటుంది కనుక ఇంకేమీ వివరించక్కర్లేదు. పాప ఆసుపత్రిలో మూడు గంటలు నిద్రపోయింది. ఈ నిద్ర సహజం, సగం ఫిట్స్ వల్ల, సగం మందు వల్ల. పూర్తిగా తెలివొచ్చి, మాట సరిగ్గా వచ్చి, నీళ్ళు బాగా మింగగలిగేదాకా తిండి పెట్టకూడదు. రాత్రి పదకొండుకి లేచి పాప అడిగింది టోస్టు.

ముక్కులో వేసే మందు, ఇండియా ప్రయాణం

ఒకప్పుడు ఈ దేశంలో ఇంటికిచ్చిన మందు డయాజిపామ్, దాన్ని మలద్వారంలో ఎక్కించాలి. బళ్ళో, బస్సులో, పెళ్ళి హాల్లో నలుగురి మధ్య పిల్ల బట్టలు తీసి అది చెయ్యడం ఎవరికీ ఇష్టముండేది కాదు. 2005లో లాన్సెట్ పత్రికలో ఇంగ్లండు పిల్లల ఆసుపత్రుల పరిశోధన ఒకటి వచ్చింది. 219 సార్లు వచ్చిన ఫిట్స్ మీద రెండింటినీ పోల్చి చూస్తే, బుగ్గలో మిడజోలామ్ 56 శాతం సార్లు ఫలించింది, డయాజిపామ్ 27 శాతమే. అప్పటినుంచి బుగ్గ మందు వాడకం బాగా పెరిగింది. అయితే ఇంకో సంగతీ ఆ అంకెలే చెబుతున్నాయి. బుగ్గ మందు కూడా అన్నిసార్లూ ఫలించదు. వేశాం కదా అని ఫోన్ ఆపకూడదు అనేది అందుకే.

అమెరికాలో ఉన్న మన బంధువులకి బుగ్గ మందు కంటే ముక్కు స్ప్రే ఎక్కువ పరిచయం. నేజిలామ్ అంటే మిడజోలామ్, వాల్టోకో అంటే డయాజిపామ్. ముక్కు లోపలి పొర కూడా బుగ్గలాగే మందుని నేరుగా పీల్చుకుంటుంది. పిల్ల గాలి పీల్చనక్కర్లేదు. పక్కకి పడుకోబెట్టి, కొనని ముక్కు రంధ్రంలోకి వేళ్ళు ముక్కుకి ఆనేదాకా పెట్టి, ప్లంజర్ గట్టిగా ఒక్కసారి నొక్కితే అయిపోయింది. జలుబుతో ముక్కు కారుతుంటే ముందు తుడవాలి. అన్నిటికంటే పెద్ద పొరపాటు, పనిచేస్తుందో లేదో చూద్దామని గాల్లోకి ఒకసారి కొట్టి చూడడం. వాటిలో ఉన్నది ఒక్క దెబ్బే. గాల్లోకి పోతే పిల్లకి మిగిలేది ఖాళీ డబ్బా.

ఇండియాలో సంగతి వేరు. అక్కడ మందుల షాపుల్లో దొరికే మిడజోలామ్ ముక్కు స్ప్రే చిన్న సీసాలో, చాలాసార్లు కొట్టేలా వస్తుంది. ఒక్కో దెబ్బకి ఎంత మందు వస్తుందన్నది సీసా మీద రాసి ఉంటుంది, అన్ని సీసాలకీ ఒకటే కాదు. అర మిల్లీగ్రాము వచ్చే రకమే అనుకోండి. ముక్కులో వేసే మోతాదు సాధారణంగా కిలోకి 0.2 మిల్లీగ్రాములు. పాప ఇరవై కిలోలు, అంటే 4 మిల్లీగ్రాములు, అంటే ఎనిమిది దెబ్బలు, ఒక్కో రంధ్రంలో నాలుగు. బుగ్గలో ఏడున్నర, ముక్కులో నాలుగు, ఇదేమిటని కంగారు పడకండి. దారి మారితే మోతాదు మారుతుంది. ఈ సీసాల్ని మాత్రం కొత్తగా తెరిచినప్పుడు తుంపర వచ్చేదాకా గాల్లోకి కొట్టాలి, అమెరికా స్ప్రేకి సరిగ్గా వ్యతిరేకం. అందుకే సెలవులకి వెళ్ళినప్పుడు, ఇక్కడి మందు మీద నేర్చుకున్న చెయ్యితో అక్కడి మందు వెయ్యబోకండి. వీలైనంతవరకు ఇక్కడి పెట్టెలే సరిపడా తీసుకెళ్ళండి. అక్కడిది వాడాల్సి వస్తే ఎన్ని దెబ్బలో అక్కడి డాక్టరుతో సీసా మీదే రాయించుకోండి.

పెట్టెలు చేతి సంచిలో, అసలు అట్టపెట్టెలోనే, డాక్టరు ఉత్తరంతో ఉండాలి. లగేజీలో వేస్తే ఫిట్స్ విమానంలో వస్తే మందు మీ కాళ్ళ కింద ఎక్కడో ఉంటుంది. మిడజోలామ్ నియంత్రణలో ఉన్న మందు. గల్ఫ్ దేశాల మీదుగా వెళ్ళే వాళ్ళు టిక్కెట్టు కొనే ముందే ఆ దేశపు నియమాలు కనుక్కోవాలి, కొన్నిచోట్ల ముందస్తు అనుమతి కావాలి. ఊళ్ళో దీన్ని ఫ్రిజ్ లో పెట్టవద్దు, మే నెలలో కారులో వదిలెయ్యవద్దు. అంబులెన్సుకి ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా 108.

పిల్లలూ, మీ చెల్లికో తమ్ముడికో ఫిట్స్ ఉంటే మీకూ ఒక పని ఉంది. ఆ రోజు తొమ్మిదేళ్ళ అన్నయ్య ఏం చేశాడో చెప్పనా? వీధి తలుపు గడియ తీసి, వాకిట్లో లైటు వేసి, కుక్కని పెరట్లో పెట్టి తలుపేశాడు. అంబులెన్సు వాళ్ళు ఇంటి నంబరు వెతుక్కోకుండా నేరుగా లోపలికొచ్చారు. గడియారం చదవడం వచ్చిన ఎవరైనా నిమిషాలు చెప్పొచ్చు. మందు వెయ్యడం మాత్రం పెద్దవాళ్ళ పని.

పెద్దవాళ్ళకి ఒక అభ్యాసం. మందుల షాపులో సూది లేని ఉత్త సిరంజి అడిగి తెచ్చుకోండి. అందులో ఒకటిన్నర మిల్లీలీటర్ల మంచినీళ్ళు తీసుకుని, అద్దం ముందు నిలబడి, పళ్ళు బిగించి మీ బుగ్గలోనే వేసుకోండి. ఒకసారి గబుక్కున, ఒకసారి పది లెక్కపెడుతూ. గబుక్కున వేసింది గడ్డం మీద కారుతుంది. నేను ఎంత చెప్పినా నమ్మని నాన్నలు దీంతో నమ్మారు. అసలు మందు సిరంజితో మాత్రం ఆటలొద్దు.

ఆ ఇంట్లో తర్వాత మారినవి రెండు. మందు స్నానాల గదిలోంచి దిగి వంటింట్లో, పిల్లల చేతికి అందని పై అరలోకి వచ్చింది, గడువు తేదీ పెద్ద అక్షరాలతో పెట్టె మీద రాసి. బళ్ళో ఉన్న ఇంకో పెట్టె తేదీ కూడా దాని కిందే ఉంది. రెండోది అమ్మమ్మ తన కోసం రాయించుకున్న కాగితం. మనవడి చేత తెలుగులో పెద్దగా రాయించి ఫ్రిజ్ తలుపు మీద అంటించింది: టైము చూడు, పక్కకి తిప్పు, అయిదు నిమిషాలకి ఊదా రంగు, ఒక్కటే, 999. వీసా అయిపోయి కాకినాడ వెళ్ళేటప్పుడు ఆ కాగితాన్ని ఫొటో తీయించుకుని, వేసవిలో పాప వచ్చేసరికి అక్కడి ఫ్రిజ్ మీద ఇంకోటి అంటించి ఉంచింది. అందులో చివరి అంకె మాత్రం 108.